అద్దె ఇంటి గోడలకి ఏ పెయింటు కొనాలి?

ప్రశ్న: నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాటులో నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాం. బిల్డింగు పాతది, ఇరవై ఏళ్లు దాటింది. హాలూ, మా అత్తయ్యగారి గదీ మాసిపోయాయి. హాల్లో ఒక గోడకి ముందున్నవాళ్లు ముదురు మెరూన్ రంగు వేయించారు, అది చూస్తేనే చిరాకు. ఓనరుగారు "మీరే వేయించుకోండి, ఖర్చులో సగం అద్దెలో తగ్గించుకోండి" అన్నారు. మేస్త్రి రెండు గదులకీ కూలి 9,000 అన్నాడు, "ట్రాక్టర్ చాలమ్మా" అంటాడు. షాపతను లీటరు 190, 340, 580 రూపాయల్లో మూడు రకాలు చూపించాడు. మావారు ఎలాగూ వేయిస్తున్నాం కదా, మెరిసేదే వేయిద్దాం అని ఖరీదైనది పట్టుకున్నారు. అద్దె ఇంటికి అంత ఎందుకని నా గొడవ. అత్తయ్యగారికి ఆయాసం, ఇన్‌హేలరు వాడతారు. డబ్బా మీద "వాసన తక్కువ" అని ఉంటే నమ్మొచ్చా? ఏ కంపెనీది మంచిది? దసరాలోపు పని అయిపోవాలని ఉంది.

సమాధానం: అమ్మా, ఇరవై ఏళ్లు సైట్ల మీద పెయింటింగ్ పనులు చేయించినవాణ్ణి కాబట్టి ముందుగా ఒక మాట. ఏ కంపెనీ అన్న ప్రశ్న దగ్గర మీరూ మీవారూ ఆగిపోవాల్సిన పని లేదు. ప్రతి పెద్ద కంపెనీ దగ్గరా మూడు నాలుగు మెట్లుంటాయి. ఏషియన్‌లో ట్రాక్టర్ ఎమల్షన్ కింది మెట్టు, యాప్కోలైట్ నడిమి మెట్టు, రాయల్ పైది. బర్జర్‌లో బైసన్ కింద, ఈజీ క్లీన్, సిల్క్ పైన. డ్యూలక్స్‌లో ప్రామిస్ కింద, సూపర్‌కవర్ నడుమ, వెల్వెట్ టచ్ పైన. నెరోలాక్‌లో బ్యూటీ, ఇంప్రెషన్స్ అలాంటివే. 2024లో వచ్చిన బిర్లా ఓపస్ కూడా ఇలాగే మెట్లు పెట్టుకుంది. ఒక కంపెనీ నడిమి మెట్టుకీ ఇంకో కంపెనీ నడిమి మెట్టుకీ ఉండే తేడా చిన్నది. ఒకే కంపెనీలో కింది మెట్టుకీ పై మెట్టుకీ ఉండే తేడా పెద్దది. షాపులో పోల్చాల్సింది మెట్టుతో మెట్టుని.

ఇక్కడే మీ మేస్త్రి మాటలో ఒక చిక్కుంది. "ట్రాక్టర్" అంటే ఒక్క పెయింటు కాదు. ఆ పేరుతో ఎమల్షనూ ఉంది, డిస్టెంపరూ ఉంది. డిస్టెంపరు చవక. వేసిన కొత్తలో బాగానే కనిపిస్తుంది, రెండేళ్లకి భుజం ఆనితే చొక్కాకి తెల్లగా అంటుకుంటుంది, తడిగుడ్డ పెడితే చారలు పడుతుంది. "ఏ ట్రాక్టరు? డబ్బా ఫొటో పంపు" అని అడగండి. ఇందులో అతన్ని తప్పు పట్టాల్సింది లేదు. అద్దె ఇళ్లకి చాలామంది ఓనర్లు అడిగేది డిస్టెంపరే కాబట్టి అతనికి అలవాటుగా వచ్చిన మాట అయ్యుండొచ్చు.

కొనేముందు ఈ సాయంత్రం అయిదు నిమిషాలు గోడ దగ్గర నిలబడండి. అరచెయ్యి కొంచెం తడి చేసుకుని అత్తయ్యగారి గదిలో గోడని గట్టిగా రుద్దండి. చేతికి సున్నంలా తెల్లగా పిండి అంటిందా, పాతది డిస్టెంపరన్నమాట. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే, అది ఎంత ఖరీదైనదైనా, పట్టుకునేది గోడని కాదు ఆ పిండిని. ఏడాది తిరిగేసరికి పెచ్చులు లేస్తుంది. ఆ పిండిని గీకించి, తడిగుడ్డతో తుడిపించి, ప్రైమర్ ఒక కోటు వేయించాకే పెయింటు. ఇంకో పరీక్ష, సెలోటేపు ముక్క గోడకి గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. టేపుతో పాటు రంగు పొర లేచి వస్తే అక్కడ గీకాల్సిందే. చెయ్యికి ఏమీ అంటకుండా, టేపు శుభ్రంగా వస్తే పాతది ఎమల్షనే, పని తేలిక. అక్కడక్కడ లప్పం పెట్టి, గరుకు కాగితం పట్టి, ఆ మచ్చల మీద మాత్రం ప్రైమర్ వేస్తే చాలు.

బాత్‌రూముకి ఆనుకున్న గోడ కింద, నేల నుంచి అడుగు ఎత్తు దాకా రంగు పొక్కి, దాని వెనక తెల్లటి ఉప్పులాంటిది కనిపిస్తే మాత్రం పెయింటు సంగతి పక్కన పెట్టండి. అది చెమ్మ. ఏ కంపెనీ డబ్బా కూడా దాన్ని ఆపదు, ఫొటో తీసి ఓనరుకి పంపండి. అది ఆయన చేయించాల్సిన మరమ్మతు, మీ సగం వాటాలోకి రాదు.

ఇప్పుడు మీ ఇద్దరి మధ్య నలుగుతున్న మెరుపు సంగతి. పెయింటులో రంగుపొడి, సుద్దలాంటి పొడులు, వాటన్నిటినీ పట్టి ఉంచే జిగురు, నీళ్లు ఉంటాయి. జిగురు పాలు ఎక్కువైతే పొర నునుపుగా ఆరుతుంది, వెలుతురుని అద్దంలా తిప్పి కొడుతుంది, మరక తుడిస్తే పోతుంది. అదే షీన్. పొడులు ఎక్కువైతే పొర గరుకుగా ఆరి వెలుతురుని చెదరగొడుతుంది, అదే మ్యాట్. కాబట్టి మీవారు చెప్పేదాంట్లో నిజం ఉంది. షీన్ గోడ మీద పప్పు మరక తడిగుడ్డకి పోతుంది. కానీ అది ఎగుడుదిగుడులు లేని గోడకి. ఆయన్ని రాత్రి హాల్లో లైటు ఆర్పి, ఫోను టార్చి గోడకి చెంప ఆనించినట్టు పెట్టి, వెలుతురు గోడ వెంబడి పారేలా చూడమనండి. ఇరవై ఏళ్ల గోడ మీద మేకులు పీకిన గుంటలు, పాత లప్పం మచ్చలు, తాపీ గీతలు అన్నీ నీడలు వేసుకుని లేచి కనిపిస్తాయి. షీన్ పెయింటు వేస్తే పగటిపూట కిటికీ వెలుతురుకే ఆ గుంటలు కనిపిస్తాయి. కనపడకూడదంటే గోడ మొత్తానికి రెండు కోట్ల లప్పం పెట్టించాలి. అప్పుడు కూలి 9,000 దగ్గర ఆగదు, దుమ్ము కూడా గది నిండా లేస్తుంది. ఆ దుమ్ము ఎందుకు ముఖ్యమో తర్వాత చెప్తాను.

అద్దె ఇంట్లో షీన్‌కి ఇంకో ఇబ్బంది ఉంది, ఇది నేను స్వయంగా పడ్డాను. ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంట్లో నేనూ ముచ్చటపడి మెరిసే రకమే వేయించాను. ఖాళీ చేసేటప్పుడు క్యాలెండరు మేకు గుంటలు పూడ్చి, దాచిపెట్టిన అదే డబ్బాలోంచి అదే రంగు అద్దాను. ఆరాక చూస్తే గోడంతా రూపాయి బిళ్లలు అతికించినట్టు మచ్చలు. రంగు అదే, మెరుపు వేరు. మూడేళ్లలో గోడ మెరుపు తగ్గింది, కొత్త మచ్చ మెరుస్తోంది. చివరికి ఆ గోడ మొత్తం మళ్లీ వేయించాల్సి వచ్చింది. మ్యాట్‌లో ఈ బాధ చాలా తక్కువ, చిన్న మచ్చ అద్దితే దాదాపు కలిసిపోతుంది.

మ్యాట్‌కి తన లోపం తనకుంది. చవక మ్యాట్‌లో జిగురు మరీ తక్కువ కాబట్టి మరకని రుద్దితే రంగే ఊడొస్తుంది, లేదా రుద్దినచోట నున్నబడి నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. అందుకే నడిమి మెట్టులో, కడగడానికి వీలైన మ్యాట్ అడగండి. డబ్బా మీద "వాషబుల్" అన్న మాట చూసుకోండి. "వైపబుల్" అని మాత్రమే ఉంటే అది తడిగుడ్డతో ఒకసారి అద్దడానికే. వాషబుల్ అయినా సరే, వేసిన మూడు నాలుగు వారాల దాకా తడిగుడ్డ పెట్టకండి. చేతికి అరగంటలో ఆరినట్టే ఉంటుంది గానీ లోపలి పొర గట్టిపడటానికి అంత సమయం పడుతుంది.

డబ్బుల లెక్కకి వద్దాం. మీ గదుల కొలతలు రాయలేదు కాబట్టి, ఆ వైపు అపార్ట్‌మెంట్లలో మామూలుగా ఉండే కొలతలు అనుకుని చేస్తున్నాను, మీ టేపుతో సరిచూసుకోండి. అత్తయ్యగారి గది 10 అడుగులకి 12, ఎత్తు 10. నాలుగు గోడల చుట్టుకొలత 44, ఎత్తుతో హెచ్చిస్తే 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే 400. హాలు 10కి 18 అనుకుంటే చుట్టుకొలత 56, అంటే 560. తలుపులూ బాల్కనీ దారీ తీసేస్తే 480. మొత్తం 880. సీలింగు ముట్టుకోవట్లేదు.

ఎమల్షన్ల మీద రెండు కోట్లకి లీటరుకు 120 నుంచి 150 చదరపు అడుగులు వస్తుందని ఉంటుంది. రెండు డబ్బాలు పోల్చేటప్పుడు ఆ అంకె ఒక కోటుకా రెండు కోట్లకా అని తప్పకుండా చూడండి. ఒక కోటు అంకె సహజంగానే దాదాపు రెట్టింపు ఉంటుంది, పక్కపక్కన పెడితే మోసపోతాం. పైగా ఆ అంకె నున్నటి కొత్త గోడ మీద లెక్కగట్టింది. పాత గోడ పీల్చేస్తుంది. నేనైతే పాత గోడకి నడిమి రకమైనా పై రకమైనా లీటరుకు 100, చవక రకమైతే 75 మించి ఆశించను. చవక రకంలో కింది రంగుని కప్పే తెల్లటి రంగుపొడి తక్కువ, సుద్ద ఎక్కువ కాబట్టి మూడో కోటు అడిగినా ఆశ్చర్యం లేదు.

ఆ లెక్కన 190 రూపాయల రకం 12 లీటర్లు కావాలి, 2,280. 340 రకం 9 లీటర్లు, 3,060. 580 రకం కూడా 9 లీటర్లే, 5,220. వీటికి కూలి 9,000 కలపండి. చవకది 11,280, నడిమిది 12,060, ఖరీదైనది 14,220. ఇందులో సగం ఓనరుది. అంటే చవక రకం నుంచి నడిమి రకానికి ఎక్కడానికి మీ జేబులోంచి పోయేది 390 రూపాయలు. నడిమి నుంచి పైదానికి ఎక్కడానికి 1,080. మొదటి మెట్టు ఎక్కడం ఏ రకంగా చూసినా లాభం, ఎందుకంటే కూలి మూడింటికీ ఒకటే, చవకది మళ్లీ వేయించాల్సి వస్తే ఆ కూలి మళ్లీ ఇచ్చుకోవాలి. రెండో మెట్టు మీద మీవారికీ మీకూ వాదన ఉండొచ్చు. ఆ 1,080కి వచ్చేది ఎక్కువగా మెరుపూ మరక తేలిగ్గా పోవడమూ. ఇంకా రెండు మూడేళ్లే ఉంటారంటే నేను నడిమి దగ్గర ఆగుతాను. ఇక్కడే అయిదారేళ్లుంటామనుకుంటే, పై మెట్టులోనే మ్యాట్ తీసుకుంటే మీ ఇద్దరి మాటా కొంత కొంత నెగ్గుతుంది. రాయల్‌లోనూ మ్యాట్ ఉంది, మిగతా కంపెనీల పై మెట్లలోనూ అడగండి.

ఆ మెరూన్ గోడకి పట్టే అదనపు ఖర్చు మాత్రం ఈ లెక్కలో లేదు. ఆ గోడ మీద లేత రంగు నేరుగా వేస్తే రెండు కోట్ల తర్వాత కూడా గులాబీ ఛాయ కొడుతూనే ఉంటుంది. ఖరీదైన పెయింటుతో మూడో కోటూ నాలుగో కోటూ వేసి దాన్ని కప్పడం దండగ. ముందు ఆ ఒక్క గోడకి తెల్ల ప్రైమర్ రెండు కోట్లు కొట్టించండి, ఆ తర్వాత మిగతా గోడల్లాగే రెండు కోట్ల పెయింటు సరిపోతుంది. ఏ రకం కింది రంగుని బాగా కప్పుతుందో మీరే చూసుకోవాలంటే, ఒక అట్టముక్క మీద నల్ల మార్కరుతో అడ్డంగా లావు గీత గీసి, షాపులో నమూనా దొరికితే రెండు రకాలూ పక్కపక్కన రెండేసి కోట్లు వేసి ఆరనివ్వండి. గీత ఎందులో ఇంకా తొంగిచూస్తోందో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

కోటు వేసే రోజు మేస్త్రి బకెట్లో కలిపే నీళ్ల మీద ఓ కన్నెయ్యండి. ఎంత నీళ్లు కలపాలో డబ్బా మీదే ఉంటుంది. అది దాటి కలిపితే డబ్బా ఎక్కువ దూరం వస్తుంది గానీ పొర పలచబడుతుంది. బ్రష్షు ఎత్తితే మజ్జిగలా ధార కడుతూ, గోడ మీద చారలు కిందకి జారుతుంటే నీళ్లు ఎక్కువైనట్టే.

ఇక వాసన. డబ్బా మీది "వాసన తక్కువ" అన్న మాటని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను, కానీ అది ముక్కుకి సంబంధించిన మాట. అత్తయ్యగారి ఊపిరితిత్తులకి సంబంధించిన అంకె వేరే ఉంది, దాన్ని వీఓసీ అంటారు. ఆరేటప్పుడు గాలిలోకి లేచే రసాయనాల లెక్క, లీటరుకు ఇన్ని గ్రాములని ఉంటుంది. 50 లోపు ఉంటే తక్కువ కింద లెక్క, 5 లోపు ఉంటే దాదాపు లేనట్టు. డబ్బా మీద కనపడకపోతే కంపెనీ వెబ్‌సైటులో ఆ పెయింటు సాంకేతిక వివరాల కాగితంలో ఉంటుంది, షాపతన్ని ఫోనులోనే తీసి చూపించమనండి. అంకె చెప్పకుండా ఉత్త ఆకు బొమ్మ వేసి "పర్యావరణానికి మంచిది" అని రాసుకుంటే దానికి నేను విలువ ఇవ్వను. పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్‌ప్రో ముద్ర ఉంటే కొంత నమ్మకం. ఆ ముద్ర ఇచ్చే కేంద్రం మన హైదరాబాదులోనే, కొండాపూర్ వైపే ఉంది. సువాసన కలిపిన పెయింటు మాత్రం వద్దు. అది వాసనని కప్పుతుంది గానీ వీఓసీని తగ్గించదు, పైగా ఆయాసం ఉన్నవాళ్లలో కొందరికి ఆ సువాసనే పడదు. ఇంకొకటి, అంకె తెల్ల బేస్‌కి చెప్పేది. మిషన్లో ముదురు రంగులు కలిపితే ఆ రంగుల వల్ల కొంత పెరగొచ్చు. అత్తయ్యగారి గదికి తెలుపో, చాలా లేత రంగో ఎంచుకోవడం అందుకూ మంచిదే.

కానీ అమ్మా, నేను చూసిన ఇళ్లల్లో వాసన గొడవ చాలాసార్లు గోడ పెయింటుతో రాలేదు. ఒక ఇంట్లో చంటిబిడ్డ ఉందని వాసన లేని ఖరీదైన ఎమల్షన్ కొన్నాం. సాయంత్రం వెళ్తే గదిలో కళ్లు మండుతున్నాయి. తీరా చూస్తే మేస్త్రి కింద వేసింది టర్పెంటైన్ కలిపే నూనె ప్రైమర్, తలుపుకి వేసింది ఆయిల్ ఎనామిల్. అందుకని మేస్త్రితో ముందే ఖాయం చేసుకోండి. ప్రైమర్ నీళ్లతో కలిపేదే కావాలి, డబ్బా మీద అదే రాసి ఉండాలి. అత్తయ్యగారి గది తలుపులకీ కిటికీ గ్రిల్లుకీ ఈసారి రంగు వద్దు. వేయక తప్పదంటే నీళ్లతో కలిపే ఎనామిల్ దొరుకుతుంది, ధర ఎక్కువ.

దుమ్ము సంగతి చెప్తానన్నాను. ఆయాసానికి పెయింటు కన్నా ఒక్కోసారి ఇదే పెద్ద శత్రువు. లప్పం మీద పొడిగా కాగితం పడితే పిండిలాంటి సన్నటి దుమ్ము లేచి, చాలాసేపు గాల్లోనే ఉండి, పక్క గదిలో మంచం మీదా పడుతుంది. గుమ్మానికి తడిపిన దుప్పటి గానీ ప్లాస్టిక్ షీటు గానీ కట్టించండి. చీపురు పెట్టొద్దు, తడిగుడ్డతోనే తుడిపించండి. తలుపులూ గ్రిల్లుల పాత ఆయిల్ పెయింటుని మాత్రం పొడిగా అసలు గీకనివ్వకండి. ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకి 90 దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ బిల్డింగు అంతకన్నా పాతది, ఆ తలుపుల మీద పాత పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

దసరాలోపు అన్నారు. కుదురుతుంది గానీ ముసురు పట్టిన రోజుల్లో పెయింటు నెమ్మదిగా ఆరుతుంది, కిటికీలు తీయలేక వాసన గదిలోనే నిలుస్తుంది. మామూలు ఎండలో నాలుగు గంటల్లో రెండో కోటు వెయ్యొచ్చు. వాన రోజు అయితే మర్నాటి దాకా ఆగమనండి. మీకు రెండు దారులున్నాయి. అత్తయ్యగారు ఓ వారం కూతురింటికో బంధువులింటికో వెళ్లగలిగితే ఇప్పుడే రెండు గదులూ ఒకేసారి చేయించండి, కూలీ కలిసొస్తుంది. వెళ్లలేకపోతే ఇప్పుడు హాలు మాత్రం చేయించి, ఆమె గదిని వానలు పోయాక, దీపావళి తర్వాత పెట్టుకోండి. మేస్త్రి రెండుసార్లు రావాలి కాబట్టి కూలి కొంచెం పెరుగుతుంది, ఆ మాట ఓనరుతో ముందే అనండి. ఏ దారైనా పని అయ్యాక రెండు మూడు రోజులు కిటికీలు తీసి ఫ్యాను వేసి ఉంచండి. తర్వాత రెండు గంటలు తలుపులు మూసి, లోపలికి వెళ్లి మీరే వాసన చూడండి. మీ ముక్కుకి తెలుస్తున్నంత కాలం ఆమెని అక్కడ పడుకోనివ్వకండి. ఎన్నాళ్లు దూరంగా ఉంచాలో ఆమెని చూసే డాక్టరుగారిని ముందే అడిగి పెట్టుకోండి.

ఓనరుగారితో మాట నోటితో వదిలెయ్యకండి. పని మొదలుపెట్టే ముందే వాట్సాప్‌లో ఆయనకి మెరూన్ గోడ ఫొటో, మేస్త్రి చెప్పిన కూలి, పెయింటు పేరు, రంగు కోడు పంపి, "సగం ఏ నెల అద్దెలో తగ్గించుకోమంటారు? ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద అడ్వాన్సులో మళ్లీ కోయరు కదా?" అని అడగండి. చాలా అగ్రిమెంట్లలో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని కోత ఉంటుంది, మీ కాగితం తీసి చూడండి. ఆయన కోత ఉంటుందంటే, మీ సగం పెట్టడానికి అర్థం లేదు. అప్పుడు హాలు మెరూన్ గోడ ఒక్కటీ వేయించుకుని మిగతావి తుడుచుకుని ఉండటమే నయం. ఉండదని రాసిస్తే 10 లీటర్ల డబ్బా తీసుకోండి. 4, 4, 1 చొప్పున మూడు డబ్బాలు కొన్న ధరకి దగ్గర్లోనే వస్తుందేమో షాపులో లెక్క కట్టించండి. మిగిలే లీటరుని నీళ్లు కలపకుండా చిన్న డబ్బాలోకి అంచు దాకా నింపి, మూత గట్టిగా బిగించి, పైన రంగు కోడూ తేదీ రాసి ఎండ తగలనిచోట పెట్టండి. క్యాలెండరు మేకు పీకిన రోజున అదే అక్కరకొస్తుంది.